కొత్తవాళ్ళకు మెయిల్ రాసే ముందు ఫోన్‌లో తెరిచి చూడండి

మా టీచర్ గారు గుంటూరులో తెలుగు చెప్పి రిటైరయ్యాక కొడుకు దగ్గర ఉండటానికి బెంగళూరు వచ్చారు. ఊరికే కూర్చోలేక, సర్జాపూర్ రోడ్డులో తాముండే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనే ఆదివారం పొద్దున పిల్లల చేత అఆలు దిద్దించడం మొదలుపెట్టారు. రెండేళ్ళలో పిల్లలు ముప్పై మందయ్యారు, నేర్పడానికి ఇంకో ఇద్దరు తోడయ్యారు. ఉగాది సంబరాల్లో మేం ఒక బల్ల వేసుకుని కూర్చుంటే, ‘మా అపార్ట్‌మెంట్‌లో కూడా పెట్టండి, వివరాలు పంపండి’ అంటూ 64 మంది మెయిల్ అడ్రసులు రాసి వెళ్ళారు. వాళ్ళకు రాసే పని నా మీద పడింది. నా ఉద్యోగమే అది. ఒక కంపెనీలో మార్కెటింగ్ మెయిళ్ళు తయారు చేస్తాను.

ఆ తెలివే కొంప ముంచింది. ఆఫీసులో చేసినట్టే ఒక టెంప్లేట్ తీసుకున్నాను. పైన పెద్ద బ్యానర్, దాని మీద ‘అమ్మ భాష పిలుస్తోంది’ అని అందమైన అక్షరాలు, కింద రెండు నిలువు వరుసల్లో క్లాసు వివరాలు, టీచర్ గారి ఫోటో, ఆఖర్న ఆకుపచ్చ బటన్. ఎవరు తెరిచారో తెలుసుకోవడానికి ట్రాకింగ్ కూడా పెట్టాను. పంపిన మధ్యాహ్నానికే 64లో 39 మంది ‘తెరిచారు’ అని మెయిల్ పంపే టూల్ డాష్‌బోర్డు చెప్పింది. వారం గడిచాక వచ్చిన జవాబులు రెండు.

“అంతమంది చూసి కూడా పలకలేదంటే మనమే ఏదో తప్పు రాసుంటాం బాబూ” అన్నారు టీచర్ గారు. ఆవిడ అన్నదాంట్లో సగం నిజం. తప్పు మాదే, కానీ అంతమంది చూశారన్నది నిజం కాదు. ఆ తర్వాత ఆ ఉత్తరాన్ని ఎలా దిద్దామో ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీరు రాసేది అమ్మకానికైనా, ఉద్యోగానికైనా, చందాకైనా, ముక్కూమొహం తెలియని వాళ్ళకో అంతంత మాత్రం పరిచయం ఉన్నవాళ్ళకో రాస్తున్నప్పుడు ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ముందు మీ మెయిల్‌ని చదివేవాళ్ళలా చూడండి

నేను పెద్ద మానిటర్ మీద తయారు చేసి, దాని మీదే చూసి మురిసిపోయాను. ఆ వారం సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, రెండో చేతిలో ఫోన్‌తో అదే మెయిల్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది. బ్యానర్ ఇంకా లోడ్ కాలేదు, తెరలో మూడో వంతు ఖాళీ బూడిదరంగు డబ్బా. దాని కింద చీమల బారులా రెండు వరుసల అక్షరాలు.

ఎందుకలా అయిందో లెక్క వేస్తే తేలిపోతుంది. ఆ టెంప్లేట్ వెడల్పు 600 పిక్సెళ్ళు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తెర, వెబ్ పేజీల లెక్కలో చెప్పాలంటే, సుమారు 360 పిక్సెళ్ళు. వెడల్పు తగ్గించుకోలేని మెయిల్ వస్తే యాప్ దాన్ని కుదించి పట్టిస్తుంది, అంటే 0.6 వంతుకి. నేను 14 పిక్సెళ్ళలో పెట్టిన అక్షరం 8.4కి దిగిపోయింది. ఇంగ్లీషు అక్షరమైతే ఆ సైజులో కళ్ళు చిట్లించి చదవొచ్చు. తెలుగు అలా కాదు, వత్తులు కింద వేలాడతాయి, గుడులు పైన కూర్చుంటాయి. అంత చిన్నగా ఉంటే ‘క్త’కీ ‘క్ష’కీ తేడా తెలియదు.

కాబట్టి మొదటి పని, మెయిల్‌ని మీకు మీరే పంపుకుని మూడు చోట్ల తెరవడం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీమెయిల్ యాప్, ఎవరిదైనా ఐఫోన్‌లో దాని సొంత మెయిల్ యాప్, ఏ ఆఫీసు కంప్యూటర్‌లోనైనా ఔట్‌లుక్. ఫోన్‌లో తెరిచేటప్పుడు డార్క్ మోడ్ ఆన్ చేయండి, సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు ఒక మెట్టు పెంచండి. నలభై దాటిన వాళ్ళలో చాలామంది ఫోన్లు అలాగే ఉంటాయి. చివరగా బొమ్మలు ఆపేసి చూడండి. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో Images దగ్గర `Ask before displaying external images` ఎంచుకుంటే సరి. బొమ్మలు లేకుండా చూసినప్పుడు మీరు ఎవరు, ఏం అడుగుతున్నారు అన్న రెండూ తెలియకపోతే, ఆ మెయిల్ పంపడానికి ఇంకా సిద్ధంగా లేదు. నా బ్యానర్ మెయిల్‌లో ఆ స్థితిలో మిగిలింది ఒక బటన్, ‘ఇంకా తెలుసుకోండి’ అన్న మాట. దేని గురించి తెలుసుకోవాలో ఎక్కడా లేదు.

2. తెరవకముందు కనిపించే మూడు ముక్కలు

ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరిస్తే ఒక్కో మెయిల్‌కి కనిపించేది పంపినవాళ్ళ పేరు, సబ్జెక్ట్, దాని పక్కనో కిందో మెయిల్ లోపలి మొదటి మాటలు కొన్ని. తెరవాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

నా మొదటి మెయిల్ ఆ మూడింటిలోనూ తప్పింది. పేరు దగ్గర మేం అప్పుడే పెట్టుకున్న, ఎవరికీ తెలియని సంస్థ పేరు. సబ్జెక్ట్ ‘తెలుగు భాషా పరిరక్షణలో భాగంగా మీ అపార్ట్‌మెంట్‌లో వారాంతపు తరగతుల నిర్వహణ గురించి’. ఫోన్‌లో అది ‘తెలుగు భాషా పరిరక్షణలో భాగంగా…’ దగ్గర తెగిపోయింది. ఏదో సభకి ఆహ్వానం అనుకుని ఉంటారు. ఇక లోపలి మొదటి మాటలంటారా, ‘ఈ మెయిల్ సరిగ్గా కనిపించకపోతే ఇక్కడ నొక్కండి’. టెంప్లేట్లలో ఈ వాక్యం అన్నిటికంటే పైన ఉంటుంది కాబట్టి యాప్ దాన్నే ఎత్తి చూపిస్తుంది. పరిచయం లేని వాళ్ళకి మనం చెప్పిన మొదటి మాట ‘సరిగ్గా కనిపించకపోతే’!

సబ్జెక్ట్‌లో అసలు విషయం మొదటి నాలుగైదు మాటల్లో పడాలి. తెలుగు అక్షరాలు వెడల్పు, పైగా మన సమాసాలు పొడుగు. ‘పరిరక్షణలో’ అన్న ఒక్క మాట తినే చోటులో ‘ఆదివారం క్లాసు’ దాదాపు పట్టేస్తుంది. మేం మార్చి పెట్టుకున్నది ‘ఆదివారం తెలుగు క్లాసు, మీ క్లబ్‌హౌస్‌లో’. పంపినవాళ్ళ పేరు దగ్గర ‘శారద, తెలుగు టీచర్’ అని పెట్టాం. లోపలి మొదటి వాక్యం, వాళ్ళకి మేం ఎలా తెలుసో చెప్పే వాక్యం. ‘నమస్కారం, మీరు కుశలమని తలుస్తాను’ అని మొదలుపెడితే ఆ కాస్త చోటూ నమస్కారానికే సరిపోతుంది. నమస్కారం పెట్టొద్దని కాదు, పేరు పెట్టి ‘గారూ’ అని పిలిస్తే మర్యాద అందులోనే వచ్చేస్తుంది.

3. ప్లెయిన్ టెక్స్ట్ అంటే ఏది

ఇక్కడ చాలామంది పొరబడతారు. నేనూ పడ్డాను. ‘డిజైన్ వద్దు, ప్లెయిన్ టెక్స్ట్‌లో పంపు’ అంటే జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో ఉన్న `Plain text mode` నొక్కేశాను. దాన్ని టీచర్ గారి ఫోన్‌లో తెరిస్తే ఇలా వచ్చింది.

```
మీ అపార్ట్‌మెంట్‌లో కూడా పిల్లలకు
క్లాసు పెట్టగలం. ఆదివారం పొద్దున
10 నుంచి
11 దాకా, ఫీజు ఏమీ
```

ఒక వరుస పొడుగు, ఒకటి పొట్టి. మెట్ల వరస. కారణం ఏమిటంటే, ఆ మోడ్‌లో పంపినప్పుడు జీమెయిల్ ప్రతి 78 అక్షరాలకీ తనే ఒక ఎంటర్ కొట్టేస్తుంది. మెయిల్ ఫార్మాట్ పాత ప్రమాణాల్లో వరుసకి 78 దాటొద్దన్న సలహా ఉంది, కంప్యూటర్ తెరల కాలం నాటిది. పెద్ద తెర మీద అది తెలియదు. ఫోన్‌లో ఆ వరుస ఒకేసారి పట్టదు, మధ్యలో తెర విరుస్తుంది, తర్వాత ముందే కొట్టి ఉన్న ఎంటర్ విరుస్తుంది. మిగిలిన తోక ఒక్కటే ఒక వరుసలో పడుతుంది. నోట్‌ప్యాడ్‌లో రాస్తూ వరుస చివర ఎంటర్ కొట్టే అలవాటున్న వాళ్ళకి కూడా ఇదే జరుగుతుంది.

మనకు కావలసింది చూడటానికి మామూలు ఉత్తరంలా ఉండే మెయిల్. అది లోపల వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ అయినా ఫర్వాలేదు. జీమెయిల్‌లో మామూలు కంపోజ్ బాక్స్‌లో, ఏ అలంకారమూ చేయకుండా రాసి పంపితే అది తనంతట తనే రెండు రూపాలు జత చేస్తుంది. ఒకటి ఉత్త అక్షరాలది, ఒకటి హెచ్‌టీఎంఎల్‌ది. చదివే యాప్ తనకి చేతనైన దాన్ని చూపిస్తుంది, పేరా మాత్రం తెర వెడల్పుకి తగ్గట్టు దానంతటదే సర్దుకుంటుంది. ఈ జంట ఏర్పాటు పేరు `multipart/alternative`. పంపిన మెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి మెనూలో `Show original` నొక్కితే ఆ మాట కనిపిస్తుంది.

కానీ ఏ అలంకారమూ చేయలేదని మీరు అనుకోవచ్చు, చేసి ఉండొచ్చు. వర్డ్‌లో రాసుకుని అతికిస్తే దానితోపాటు ఫాంట్, సైజు, రంగు వెంటబడి వస్తాయి. నల్ల రంగు అని రాసి ఉన్న అక్షరాన్ని కొన్ని యాప్‌లు డార్క్ మోడ్‌లో కూడా నల్లగానే ఉంచేస్తాయి, అమావాస్య చీకట్లో నల్లపిల్లి. అందుకని అతికించేటప్పుడు `Ctrl+Shift+V` వాడండి. అప్పటికే అతికించేసి ఉంటే మొత్తం సెలెక్ట్ చేసి `Ctrl+\` కొట్టండి, ఫార్మాటింగ్ పోతుంది.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో గండం ఉంది. టీచర్ గారి పాత కరపత్రం విజయవాడలో డీటీపీ చేయించింది. ఆ ఫైలులో అక్షరాలు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లవి. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కగా కనిపిస్తాయి, మెయిల్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు. వాటిని యూనికోడ్‌కి మార్చుకోవాలి, లేదా పదిహేను వాక్యాలే కాబట్టి మళ్ళీ కొట్టుకోవాలి. మేం మళ్ళీ కొట్టాం. ఈ బాధ పడలేక కొందరు కరపత్రాన్నే ఫోటో తీసి మెయిల్‌లో పెట్టేస్తారు, వాట్సాప్ అలవాటు. బొమ్మలు ఆగిన చోట ఆ ఉత్తరం తెల్ల కాగితం. అక్షరాల సైజు పెంచుకున్న వాళ్ళకి కూడా బొమ్మలోని అక్షరం పెరగదు.

4. దిద్దిన ఉత్తరం

చివరికి మేం పంపింది ఇది.

> రమేష్ గారూ, ఉగాది రోజు మా తెలుగు క్లాసు బల్ల దగ్గర మీరు పేరు రాసి వెళ్ళారు.
>
> మీ అపార్ట్‌మెంట్‌లో కూడా క్లాసు పెట్టగలం. ఆదివారం పొద్దున 10 నుంచి 11 దాకా, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు. ఫీజు లేదు. పలకలు, పుస్తకాలు మేమే తెస్తాం.
>
> మాకు కావలసింది 15 మంది కూర్చునే గది ఒకటి.
>
> గది గురించి మీ అసోసియేషన్‌లో ఎవరిని అడగాలో చెబుతారా? పేరు చెబితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.
>
> శారద
> తెలుగు టీచర్, సర్జాపూర్ రోడ్డు
>
> ఇక రాయొద్దనుకుంటే ‘వద్దు’ అని ఒక్క మాట పంపండి.

ఫోన్‌లో ఇది దాదాపు ఒక తెర. కంప్యూటర్‌లో ఒకటి రెండు వరుసలు పట్టే పేరా ఫోన్‌లో నాలుగైదు వరుసలవుతుంది. అందుకే కంప్యూటర్‌లో రాసేటప్పుడు రెండు వరుసలు దాటిన పేరా కనిపిస్తే విరిచేయండి. కంప్యూటర్‌లో ఐదు వరుసల పేరా ఫోన్‌లో గోడలా నిలబడుతుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది చివరి ప్రశ్న దగ్గర. మొదట్లో ‘మీ అభిప్రాయం తెలియజేయగలరు’ అని ఉండేది. ఫోన్‌లో ఒక చేత్తో అభిప్రాయం ఎవరు కొడతారు? తర్వాత ‘మీ అపార్ట్‌మెంట్‌లో క్లాసు పెట్టడానికి ఒప్పుకుంటారా’ అని మార్చాం. దానికీ జవాబు కష్టమే, ఎందుకంటే ఒప్పుకోవడం ఆయన ఒక్కడి చేతిలో లేదు. అసోసియేషన్ ఉంటుంది, దానికో సెక్రటరీ ఉంటారు. ‘ఎవరిని అడగాలి’ అంటే మాత్రం ఆయనకి తెలిసిన సంగతే, ఒక పేరు కొట్టి పంపేయొచ్చు.

లింక్ పెట్టలేదు. పెట్టక తప్పనప్పుడు ఒక్కటే పెట్టండి, దాని వరుసలో దాన్ని విడిగా, అడ్రస్ మొత్తం కనిపించేలా పెట్టండి. ‘ఇక్కడ’ అన్న మాట వెనక దాచిన లింక్ తెలియని మనిషి నుంచి వస్తే నేనైతే నొక్కను. రెండు లింకులు దగ్గర దగ్గరగా ఉంటే బొటనవేలికి ఒకటి బదులు ఇంకోటి తగులుతుంది కూడా.

5. డిజైన్ ఎప్పుడు

డిజైన్ మీద నాకు కోపం లేదు, దానితోనే జీతం వస్తోంది. అవతలివాళ్ళు ‘సరే’ అన్నాక, నెల నెలా క్లాసుల పట్టిక, పిల్లల బొమ్మలు పంపాలంటే డిజైన్ చేసిన మెయిలే బాగుంటుంది. అడిగి తీసుకునేవాళ్ళకి పత్రికలా ఉన్నా ఇష్టమే. ముందస్తు పరిచయం లేని మనిషికి మాత్రం బ్యానర్ కనిపించగానే ‘ఓహో, ఇది నాకొక్కడికే రాసింది కాదు’ అని తెలిసిపోతుంది, జవాబు ఇవ్వాల్సిన మొహమాటం కూడా పోతుంది.

చేయాల్సి వస్తే ఒకే నిలువు వరుస. అంతకు మించి టెంప్లేటులో ఉన్న హంగులన్నీ తీసేస్తే మిగిలే ఎముకల గూడు ఇంతే.

```html
<table role="presentation" width="100%"
  style="max-width:600px;margin:0 auto">
<tr><td style="padding:16px;font-size:17px;
  line-height:1.6">
  <!-- ఇక్కడ పేరాలు -->
</td></tr></table>
```

`width="100%"` ఉంది కాబట్టి ఫోన్‌లో 360కి ఒదుగుతుంది, కుదించాల్సిన పని ఉండదు. పెద్ద తెర మీద `max-width` దాన్ని 600 దగ్గర ఆపుతుంది. విండోస్‌లో పాత తరహా ఔట్‌లుక్ మెయిల్‌ని చూపించడానికి వర్డ్ ఇంజిన్ వాడుతుంది, దానికి `max-width` అర్థం కాదు, మెయిల్ తెర నిండా పరుచుకుంటుంది. ఒకే వరుస కాబట్టి చదవడానికి అడ్డం రాదు. `line-height` ఇంగ్లీషుకి 1.4 పెట్టినా నడుస్తుంది. తెలుగుకి 1.6 ఉంటే గానీ పై వరుస వత్తు కింది వరుస తలకట్టుకి తగలకుండా ఉండదు. బటన్ పెడితే ఎత్తు 48 పిక్సెళ్ళకి తగ్గకుండా పెట్టండి. ప్రతి బొమ్మకీ అది రాకపోతే కనిపించే మాట, `alt`, తప్పకుండా రాయండి. ఉత్త అక్షరాల రూపం కూడా జత చేయండి. చాలా టూల్స్ దాన్ని తామే తయారు చేస్తాయి, ఒకసారి చదివి చూస్తే ఎంత గందరగోళంగా ఉందో తెలుస్తుంది.

ఇంకో హద్దు గుర్తుంచుకోండి. హెచ్‌టీఎంఎల్ 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడ కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. తోకలో ఉండే ‘ఇక పంపొద్దు’ లింక్ దాంతో మాయమైపోతుంది. ఆ లింక్ దొరకని వాళ్ళు ఏం చేస్తారు, స్పామ్ బటన్ నొక్కుతారు.

6. ఆ కనపడని చుక్క

ఇప్పుడు 39 మంది తెరిచారన్న లెక్క సంగతి.

ట్రాకింగ్ అంటే పెద్ద మాయ ఏమీ కాదు. మెయిల్ చివర ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉన్న పారదర్శకమైన బొమ్మ పెడతారు. దాని అడ్రస్ ఒక్కో మనిషికీ వేరు. మెయిల్ తెరిస్తే యాప్ ఆ బొమ్మ కోసం పంపినవాళ్ళ సర్వర్‌ని అడుగుతుంది. ఫలానా అడ్రస్ అడిగారు, అంటే ఫలానా మనిషి తెరిచాడు అని రాసుకుంటారు. అంటే అది లెక్కపెట్టేది చదవడాన్ని కాదు, ఒక బొమ్మ కోసం ఎవరో అడగడాన్ని. ఆ ‘ఎవరో’ మనిషే అయి ఉండాలని ఏమీ లేదు.

2021లో ఐఓఎస్ 15తో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో `Protect Mail Activity` అన్న ఏర్పాటు తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మెయిల్ వచ్చాక మనిషి తెరిచినా తెరవకపోయినా, ఆపిల్ తన మధ్యవర్తి సర్వర్ల ద్వారా బొమ్మల్ని వెనకాలే దించేసుకుంటుంది. పంపినవాళ్ళకి అది ‘తెరిచారు’ అనే పడుతుంది. ఇది అడ్రస్‌ని బట్టి కాదు, యాప్‌ని బట్టి. జీమెయిల్ అడ్రస్ అయినా సరే, ఐఫోన్ మెయిల్ యాప్‌లో చూసుకునే వాళ్ళందరికీ ఇదే వర్తిస్తుంది. జీమెయిల్ సొంత యాప్‌లో చూసేవాళ్ళ సంగతి వేరు. అక్కడ 2013 డిసెంబరు నుంచీ బొమ్మలు గూగుల్ సర్వర్ల గుండా వెళ్తున్నాయి. తెరిచిన గుర్తు పడుతుంది గానీ, చదివిన మనిషి ఎక్కడున్నాడో చెప్పే వివరం గూగుల్‌దే వస్తుంది. ‘మీ మెయిల్ అమెరికాలో తెరిచారు’ అని ఏ టూలైనా చెబితే, ఆ మనిషి ఇక్కడే బెళ్ళందూరులో సోఫాలో కూర్చుని ఉండొచ్చు.

దీనికి పూర్తిగా ఎదురుగా, ఆఫీసు ఔట్‌లుక్‌లో తెలియనివాళ్ళ బొమ్మలు మామూలుగా ఆగిపోతాయి. మెయిల్ మొత్తం రెండుసార్లు చదివినా మన దగ్గర ‘తెరవలేదు’.

మా జాబితాలోనే రెండూ దొరికాయి. నాకు ఫోన్ పరిచయం ఉన్న కొందరిని అడిగాను. డాష్‌బోర్డులో ‘మూడుసార్లు తెరిచారు’ అని ఉన్న ఒకాయన ఆ వారమంతా అనంతపురంలో పెళ్ళిలో ఉన్నాడు, మెయిల్ చూడనే లేదు. ఐఫోన్. ‘తెరవలేదు’ అని ఉన్న ఒకావిడ, “చదివానండీ, ఆఫీసు మెయిల్‌లో. బొమ్మలేవీ రాలేదు, ఏం అడిగారో అర్థం కాలేదు” అంది. ఇంకొకరి పేరు మీద తొమ్మిది సార్లు అని ఉంది. ఆయన దాన్ని తమ అపార్ట్‌మెంట్ మెయిల్ గ్రూపుకి ఫార్వర్డ్ చేశాడు, చుక్క కూడా వెంట వెళ్ళింది. మొదటిసారి జవాబిచ్చిన ఇద్దరిలో ఒకరి లెక్క నా వల్లే పెరిగిందేమో కూడా. వాళ్ళ జవాబు కింద నా మెయిల్ మొత్తం ఉంటుంది కదా, దాన్ని నేను తెరిచినా చుక్క పలుకుతుంది.

మీ లెక్క ఇలాంటిదేనా అని తెలుసుకోవడానికి సమయాలు చూడండి. పంపిన నిమిషం రెండు నిమిషాల్లోనే ఒక గుంపుగా ‘తెరిచారు’ పడితే అవి మనుషులవి కాకపోవచ్చు. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే, ఐఫోన్ ఉన్న స్నేహితుడికి ట్రాకింగ్‌తో ఒక మెయిల్ పంపి, దాన్ని ముట్టుకోకుండా రాత్రంతా వైఫైలో చార్జింగ్‌కి పెట్టి ఉంచమనండి. పొద్దున్న డాష్‌బోర్డు చూడండి.

లింకుల ట్రాకింగ్ ఇంకా చెరుపు చేస్తుంది. అది మీరు పెట్టిన అడ్రస్‌ని తీసేసి, ముందు టూల్ వాళ్ళ అడ్రస్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి దారి మళ్ళేలా మారుస్తుంది. పైకి కనిపించే అడ్రస్ ఒకటి, నొక్కితే వెళ్ళేది ఇంకొకటి. మోసగాళ్ళ మెయిళ్ళ గుర్తు కూడా అదే, కాబట్టి ఫిల్టర్లకి అనుమానం వస్తుంది. పైగా ఆ దారి అడ్రస్‌ని అదే టూల్ వాడే మిగతావాళ్ళు కూడా పంచుకుంటుంటే, వాళ్ళు చేసిన పాపం మీకూ అంటుతుంది. చాలా కంపెనీల భద్రతా సాఫ్ట్‌వేర్ మెయిల్ లోపలికి రాకముందే లింకుల్ని తానే నొక్కి పరీక్షిస్తుంది. దాంతో ‘క్లిక్’ లెక్క కూడా మనుషులది కాకుండా పోతుంది.

ట్రాకింగ్ ఆపడానికి టూల్‌లో రెండు మీటలుంటాయి, ఓపెన్‌లది ఒకటి, క్లిక్‌లది ఒకటి. ఒకటి ఆపి రెండోది మరిచిపోవడం మామూలే. రెండూ ఆపాక మీకు మీరే పంపుకుని, `Show original`లో `<img` అని వెతకండి. మీరు పెట్టని బొమ్మ ఏదైనా `width="1" height="1"` తో దొరికితే ఇంకా ఆగలేదన్నమాట. లింక్ ఉంటే అది మీరు కొట్టిన అడ్రసేనా అని కూడా అక్కడే చూడండి. కొన్ని మెయిళ్ళలో ఆ భాగం సంకేతాల గుట్టలా కనిపిస్తుంది, తెలుగు మెయిళ్ళలో మరీను. అప్పుడు బొమ్మలు ఆపిన జీమెయిల్‌లో అదే మెయిల్ తెరవండి. మీరు బొమ్మ ఏదీ పెట్టకపోయినా ‘బొమ్మలు చూపించమంటారా’ అని అది అడిగితే, చుక్క లోపలే ఉంది.

7. పంపడం, లెక్క రాసుకోవడం

రెండోసారి టూల్ వాడలేదు. టీచర్ గారి సొంత జీమెయిల్ నుంచి రోజుకి ఎనిమిది చొప్పున, ఒక్కొక్కరికీ విడిగా పంపాం. అందర్నీ బీసీసీలో పడేసి ఒకేసారి పంపితే పేరు పెట్టి పిలవడం కుదరదు. మీరు సొంత డొమైన్ నుంచి పంపుతుంటే, `Show original` పేజీ పైభాగంలో మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే SPF, DKIM పక్కన PASS అని ఉందో లేదో చూసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో బిగించాయి. రోజుకి ఐదువేలు పంపేవాళ్ళకి ఇంకా కఠినమైన నియమాలున్నాయి, మనబోటి వాళ్ళ దాకా అవి రావు.

డాష్‌బోర్డు బదులు ఒక షీట్ పెట్టుకున్నాం. పేరు, పంపిన తేదీ, వెనక్కి తిరిగొచ్చిందా, జవాబు వచ్చిందా, ఏమన్నారు. ఈ ‘వెనక్కి తిరిగొచ్చిందా’ గడి వల్ల 64లో ఐదు అడ్రసులు తప్పని తెలిసింది. రిజిస్టర్‌లో చేతిరాత, ‘a’ని ‘o’ అనుకున్నాను. మొదటిసారి ఆ ఐదింటి సంగతి నేను చూడనే లేదు, ఓపెన్‌ల పట్టిక చూస్తూ కూర్చున్నాను కాబట్టి.

పంపిన ఎనిమిదో రోజుకి కూడా జవాబు రానివాళ్ళకి పాత మెయిల్ కిందే రెండు వాక్యాలు రాశాం. ‘రమేష్ గారూ, గది సంగతి ఇంకా తెలియలేదు. సెక్రటరీ గారి పేరు ఒక్కటి చెబితే మేమే వెళ్ళి కలుస్తాం.’ మెయిల్ చూశారా అని అడగలేదు. ‘మీరు మంగళవారం తెరిచినట్టుంది’ అని ట్రాకింగ్ పెట్టి అడిగే మెయిళ్ళు నాకే వస్తుంటాయి, ఎవరో కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టుంటుంది. రెండోసారి కూడా పలకకపోతే వదిలేశాం.

మొత్తం కలిపి 17 జవాబులు వచ్చాయి. మొదటిసారి రెండు, ఇప్పుడు 17 అని పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. అప్పుడు ఒక్కసారే రాశాం, ఇప్పుడు రెండుసార్లు. పైగా ఆ బ్యానర్ వల్ల కొందరికి మా పేరు తెలిసి ఉండొచ్చు. జవాబుల్లో మూడు ‘వద్దు’ అన్నవి. మిగతావాటిలో సగానికి పైగా ఒకే వరుస. ఒకటైతే ఉత్త పేరు, ఫోన్ నంబరు, అంతే, ‘గారూ’ కూడా లేదు. టీచర్ గారు కాస్త నొచ్చుకున్నారు గానీ, ఆ సాయంత్రమే ఆ నంబరుకి ఫోన్ చేశారు. హరళూరులో ఆ క్లబ్‌హౌస్ పైఅంతస్తు గది ఆదివారం పదింటి నుంచి ఖాళీయేనట, ఏసీ మాత్రం పనిచేయదట.